రోజుకు పది నిమిషాల సర్దుడు: పద్నాలుగు నెలల తరువాత

హైదరాబాదులో మాది రెండు పడకగదుల ఫ్లాటు. నేను, మా వారు, అత్తగారు, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఉంటాము. రోజుకు పది నిమిషాలు మాత్రమే పనికిరాని వస్తువులను ఏరివేయడం, గదులను వంతులవారీగా తీసుకోవడం, ఆదివారం ఒక ఫోటో తీసి రెండు మాటలు రాసి పెట్టుకోవడం అనే పద్ధతిని పద్నాలుగు నెలలుగా పాటిస్తున్నాను. మధ్యలో అత్తగారి మోకాలి ఆపరేషన్ వల్ల మూడు వారాలు, పండగల వల్ల రెండు వారాలు మానేయవలసి వచ్చింది. మిగిలిన కాలమంతా పెద్దగా తప్పలేదు కనుక ఇందులో ఏది పని చేసిందో, ఏది చేయలేదో కాస్త నమ్మకంగానే చెప్పగలను.

మొదట్లో సోమవారం వంటిల్లు, మంగళవారం హాలు, బుధవారం మా పడకగది అని రోజుకో గది పెట్టుకున్నాను. కాగితం మీద చక్కగానే ఉంది గాని ఆచరణలో నెల కూడా నిలవలేదు. ఈ సోమవారం సగం చూసి వదిలేసిన సొరుగును మళ్ళీ సోమవారం తెరిచేసరికి ఎక్కడ ఆపానో గుర్తుండేది కాదు. ఈలోగా ఇంట్లోవాళ్ళు అందులో మరో నాలుగు వస్తువులు పడేసి ఉండేవారు. పది నిమిషాలలో మూడు నిమిషాలు పాత సంగతి గుర్తు చేసుకోవడానికే పోయేవి. అందుకని వారానికి ఒకే గది అని మార్చుకున్నాను. వంటిల్లు, హాలు, మా పడకగది, అత్తగారూ అబ్బాయీ పడుకునే గది, బాల్కనీ, ఇలా అయిదు చోట్లు. ఆరు రోజులు పని, ఏడో రోజు ఫోటో. అయిదు వారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక గదికి వారంలో పడేది గంట మాత్రమే అయినా, అది వరుసగా పడే గంట కావడం వల్ల చేతికి ఆ గది అలవాటవుతుంది.

వంటగట్టు కింద అర సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతిలోని ముఖ్యమైన పొరపాటు నేను అక్కడే చేశాను. ఉత్సాహం కొద్దీ మొదటిరోజే అరలో ఉన్న డబ్బాలన్నిటినీ నేల మీదికి దించాను. ఫోనులో పెట్టుకున్న అలారం మోగేసరికి కాళ్ళు పెట్టడానికి చోటు లేదు, పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, డబ్బాల మధ్య నిలబడి తాలింపు వేయవలసి వచ్చింది. చివరికి అన్నిటినీ దొరికినట్టు లోపలికి తోసి తలుపు మూశాను. అంటే పది నిమిషాల పని కాస్తా ఆ అరను ఇంకా చిందరవందర చేసింది. మరునాటి నుంచి అలారం ఎనిమిది నిమిషాలకు పెట్టాను. చివరి రెండు నిమిషాలు తీసినవి తిరిగి పెట్టడానికీ, వద్దనుకున్నవి సంచిలో వేసి గుమ్మం దగ్గర ఉంచడానికీ. తీసేది కూడా ఒక వరుస మాత్రమే. ఆ వారం రెండో రోజూ, మూడో రోజూ మూతలు జతచేయడంతోనే సరిపోయింది. డబ్బాలు ముప్పై ఒకటి, మూతలు ఇరవై నాలుగు, అందులోనూ సరిగ్గా అమరినవి పందొమ్మిది. మిగిలిన పన్నెండు డబ్బాలను, అయిదు మూతలను నాలుగో రోజున సంచిలోకి వేశాను. అయిదో రోజు పాత మిక్సీ సామాను వంతు. అక్కడ ఒక నల్ల రబ్బరు చుట్టను పాతదనుకొని పారేశాను; అది చట్నీ జారు మూతకు అదనంగా వచ్చిన కొత్త రబ్బరు అని రెండు నెలల తరువాత తెలిసింది. అప్పటి నుంచి దేనిదో తెలియని విడిభాగాలను పారేయడం లేదు. ఒక అట్టపెట్టెలో వేసి, పైన తేదీ రాసి, రెండు చుట్లు ఆగుతున్నాను.

ఇక ఫోటో. ద్వారబంధానికి ఆనుకొని, లైటు వేసి, ఫోను అడ్డంగా పట్టుకొని ప్రతిసారీ ఒకే చోటి నుంచి తీయాలి. లేకపోతే రెండు ఫోటోలను పోల్చడం కుదరదు. నిజం చెప్పాలంటే తొలి నెలల్లో ఫోటో నన్ను మోసం చేసింది, లేదా నేనే ఫోటోను మోసం చేశాను. ఆదివారం ఉదయం మంచం మీది బట్టల కుప్పను ఎత్తి అలమరాలో దాచి ఫోటో తీసిన సందర్భాలు ఉన్నాయి. పైగా సొరుగు లోపల ఎంత పని జరిగినా ఫోటోలో ఏమీ కనిపించదు. అయితే మూడు చుట్లు పూర్తయ్యాక ఒకే గది ఫోటోలు మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడింది. మా పడకగదిలో కిటికీ పక్క కుర్చీ మీద మూడు ఫోటోల్లోనూ బట్టలు ఉన్నాయి. అవి ఉతికినవి కావు, మాసినవీ కావు. ఒకపూట కట్టి మళ్ళీ కట్టుకుందామని వదిలినవి. వాటికి ఇంట్లో చోటంటూ లేదు కనుకనే కుర్చీ ఎక్కుతున్నాయి. తలుపు వెనుక నాలుగు కొక్కేలు కొట్టించాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంటోంది. వస్తువు పదేపదే ఒకేచోట చేరుతుంటే పారేయవలసినది ఏదో ఉందని కాక, చోటు చూపవలసినది ఏదో ఉందని ఫోటోల వల్లే తెలుసుకున్నాను.

నా అనుభవంలో ఫోటో కంటే చీటీయే ఎక్కువ ఉపయోగపడింది. ఎలా గడిచిందో, ఎంత బాగుందో రాసుకునే చీటీ కాదది. చిన్న నోటు పుస్తకంలో మూడు వాక్యాలు: ఇల్లు దాటినవి ఏవి, తేలక ఆగినవి ఏవి, వచ్చేసారి ఎక్కడ మొదలుపెట్టాలి. ‘వంటిల్లు: కుడివైపు రెండో సొరుగు, గరిటెల వెనుక’ అని రాసి ఉంటే అయిదు వారాల తరువాత కూడా తిన్నగా అక్కడికే చెయ్యి వెళుతుంది. ‘ఇల్లు దాటినవి’ అన్న మాటను కావాలనే రాస్తున్నాను. రెండో చుట్టులో లెక్క చూస్తే నేను తీసిపెట్టినవాటిలో సగానికి సగం బాల్కనీలోని సంచుల్లోనే ఉన్నాయి. గదుల చెత్త గది మారిందంతే. అందుకే ఇప్పుడు బాల్కనీ వంతును చివర ఉంచి, ఆ వారంలోనే పాత పేపర్లు కొనేవారిని పిలుస్తున్నాను. పాత చీరలు తీసుకొని స్టీలు సామాను ఇచ్చే ఆవిడ వస్తే మాత్రం జాగ్రత్త: ఆరు చీరలు ఇచ్చి మూత లేని రెండు గిన్నెలు తెచ్చుకున్నాను, అవి ఇప్పుడు వంటగట్టు కింద ఉన్నాయి.

పది నిమిషాలకు లొంగనివీ ఉన్నాయి. అటక అందులో మొదటిది. స్టూలు వేసి, దుమ్ము దులిపి, కింద ఒకరు అందుకుంటే తప్ప కుదరదు. ఎక్కి దిగడానికే సమయం చాలదు. దానికి ఏడాదిలో రెండు ఆదివారాలు విడిగా కేటాయించాము. కాగితాలూ అంతే, చదివితే గాని తేలవు. పది నిమిషాల్లో నేను చేయగలిగింది వాటిని బ్యాంకు, ఇల్లు, బడి, వైద్యం అని నాలుగు కవర్లలోకి వేరు చేయడమే.

ఇతరుల వస్తువుల విషయంలో ఒకసారి మాట పడ్డాను. అత్తగారి మంచం కింద ఉన్న ఖాళీ గాజు సీసాలను తీసేస్తే ఆవిడ కోపగించుకోలేదు గాని, ‘పారేసే ముందు ఒక్కమాట అడగమ్మా, అవి ఆవకాయకు ఉంచినవి’ అన్నారు. ఆ గది వంతు వచ్చినప్పుడు ఇప్పుడు నేను ఏదీ తీయను. పక్కన కూర్చొని ఒక్కొక్కటి చేతికి అందిస్తాను, ఉంచాలో వద్దో ఆవిడే చెబుతారు. పది నిమిషాల్లో అయిదారు వస్తువులకు మించి తేలవు. అబ్బాయి వాడి పాత నోటు పుస్తకాల్లో రాయని పేజీలు చించి రఫ్ పుస్తకం కుట్టుకుంటున్నాడు, వాడి వంతు పని అదే. గత చుట్టులో ఆ గది చీటీలో ‘ఇల్లు దాటినవి’ అన్న చోట రాసుకున్నది ఒక విరిగిన గొడుగు, రెండు సీసాలు.