మాల్డి-టాఫా, బయోకెమికల్ ట్యూబులా?

మెకాంకీ ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా కాలనీని టూత్‌పిక్‌తో తీసి, మాల్డి-టాఫ్ స్టీలు ప్లేటు మీద పలుచగా పూసి, 1 మైక్రోలీటరు మ్యాట్రిక్స్ వేసి ఆరనిస్తే చాలు, ప్రోటీన్ల బరువులను బట్టి యంత్రం నిమిషాల్లో బ్యాక్టీరియా పేరు చెప్పేస్తుంది. మందంగా పూస్తే మాత్రం పీకులు సరిగా రావు. ట్యూబులకైతే రాత్రంతా ఇంక్యుబేషన్ తప్పదు.

రోజువారీ కాలనీలకు నా ఓటు మాల్డికే. కానీ రక్త విరేచనాల రోగి మలం నుంచి లాక్టోజ్‌ను పులియబెట్టని, రంగులేని కాలనీ వచ్చిందనుకోండి. స్కోరు 2.0 దాటి ఈ.కోలై అని చూపినా వెంటనే రిపోర్టు ఇవ్వకండి. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా రైబోజోమ్ ప్రోటీన్లు దాదాపు ఈ.కోలై ప్రోటీన్ల లాంటివే కావడంతో మామూలు లైబ్రరీతో యంత్రం రెంటినీ నమ్మకంగా విడదీయలేదు.

ఇక్కడ పాత ట్యూబులే దిక్కు. చక్కెరలు, ఇనుము ఉండే టీఎస్ఐ ట్యూబులో పైన ఎరుపు, అడుగున పసుపు, గ్యాస్ లేదు, కదలిక లేదు, లైసిన్ పరీక్ష నెగెటివ్ అయితే షిగెల్లా అనుమానం బలపడుతుంది. ఆపైన యాంటీసీరాతో స్లైడు మీద గుంపుకడుతుందో లేదో చూడాలి.