రెయిన్ షవర్: ట్యాంకు ఎత్తు సరిపోతుందా, బూస్టర్ పంపు కావాలా?

ట్యాంకులో నీటిమట్టం షవర్ కంటే 3 మీటర్లు పైన ఉంటే అక్కడికొచ్చే ఒత్తిడి సుమారు 0.3 బార్. చిన్న షవర్‌కు అది సరిపోవచ్చు. వెడల్పాటి రెయిన్ షవర్‌లో అదే నీరు వందకు పైగా రంధ్రాల్లోకి పంచుకుపోతుంది కాబట్టి ధార పడదు, బొట్లు రాలతాయి. ట్యాంకు పెద్దదైతే ఒత్తిడి పెరగదు, పెంచేది ఎత్తే.

పంపు కొనేముందు షవర్ విప్పి, ఆ గొట్టం కింద 10 లీటర్ల బకెట్ పెట్టండి. 50 సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు వస్తున్నట్టు. షవర్ బిగించాక 2 నిమిషాలు పడితే ప్రవాహం 5 లీటర్లే. ఇక్కడ పంపు నిజంగా పనికొస్తుంది. షవర్ విప్పినా అవే 2 నిమిషాలు పడితే లోపం పైపులోనో వాల్వులోనో ఉంది. అప్పుడు పంపు పెడితే నీరు చాలక గాలి పీల్చి గోల చేస్తుంది.

ఫ్లో స్విచ్ పంపు ఆన్ కావాలంటే ముందు కొంత నీరు దానంతటదే పారాలి. ట్యాంకు, షవర్ దాదాపు ఒకే ఎత్తులో ఉంటే కుళాయి తిప్పగానే పైపులో ఒత్తిడి తగ్గడాన్ని బట్టి ఆన్ అయ్యే ప్రెషర్ స్విచ్ రకమే నయం. చన్నీటి లైనుకు మాత్రమే పంపు పెడితే వేణ్ణీళ్ల ధార వెనక్కి తగ్గుతుంది, రెండింటికీ పెట్టాలి. గీజరు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ముందే చూసుకోండి.