ఫొటోలోని pie చార్టు నుంచి అంకెలు: చాలాకాలం వాడాక ఇమేజ్‌జె గురించి

బెంగళూరులో మా ఆఫీసుకు రిపోర్టులు ఎక్కువగా వాట్సాప్ ఫొటోలుగానే వస్తాయి. మొత్తం ఎంతో కింద రాసి ఉంటుంది, pie చార్టు ముక్కల మీద మాత్రం అంకెలుండవు. వాటిని రాబట్టడానికి కొన్నేళ్లుగా, ఫొటోల్లో కొలతలు తీసే ఇమేజ్‌జె వాడుతున్నాను. ఉచితమే. చూడ్డానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది కానీ ఈ పనికి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

Angle టూల్ తీసుకుని ముక్క ఒక అంచు మీద, తర్వాత కేంద్రం మీద, ఆ తర్వాత రెండో అంచు మీద క్లిక్ చేసి M నొక్కితే Results పట్టికలో కోణం వస్తుంది. దాన్ని 360తో భాగించి మొత్తంతో గుణించడమే. మామూలుగా 180 డిగ్రీలు దాటిన కోణం ఇది చూపించదు. సగం కంటే పెద్ద ముక్కైతే వచ్చినదాన్ని 360 నుంచి తీసేయాలి.

అసలు చిక్కు ఫొటో ఏటవాలుగా తీసినప్పుడు. "అన్నా, కోణాలన్నీ కలిపితే సరిగ్గా 360 వచ్చింది, ఇంకేం టెన్షన్?" అంటాడు మా టీమ్ కుర్రాడు. వృత్తం నొక్కుకుపోయినా కేంద్రం చుట్టూ ఉన్న కోణాల మొత్తం 360 కాక ఇంకేమవుతుంది? ఆ పరీక్షతో వంకర బయటపడదు. Oval టూల్‌తో చార్టు చుట్టూ గీసి, స్టేటస్ బార్‌లో వెడల్పు, ఎత్తు చూడాలి.

ఒక చార్టులో వెడల్పు 800 పిక్సెళ్లు, ఎత్తు 640. మొత్తం 7,200 లక్షలు, అంటే డిగ్రీకి 20 లక్షలు. పన్నెండు గంటల గీత దగ్గర మొదలైన ముక్క 51.3 డిగ్రీలు చూపించింది, అంటే 1,026 లక్షలు. Image > Scale... లో Y Scale 1.25 ఇచ్చి (800ని 640తో భాగిస్తే వచ్చేది అదే) సాగదీసి మళ్లీ కొలిస్తే 45 డిగ్రీలు, 900 లక్షలు. ఒక్క ముక్కలోనే 126 లక్షల తేడా! ఇలా పైనుంచి కిందికి నొక్కుకుపోయిన చార్టులో పైన, కింద ఉన్న ముక్కలు ఉబ్బి, పక్కలవి చిక్కిపోతాయి.

ఈ సాగదీత అన్నిటికీ పనిచేయదు. కాగితం ఎదురెదురు అంచులు సమాంతరంగా లేకపోతే కెమెరా ఒకవైపుకు మరీ దగ్గరగా ఉందని అర్థం. అప్పుడు కుస్తీ పట్టకుండా, దూరం నుంచి జూమ్ చేసి నిటారుగా పైనుంచి మళ్లీ ఫొటో తీయమంటాను. మందం చూపించే త్రీడీ చార్టు అయితే పైముఖాన్నే కొలవాలి, పక్కనున్న అంచుపట్టీని వదిలేయాలి.

సన్నటి ముక్కల దగ్గర మాత్రం దీన్ని పూర్తిగా నమ్మను. గీత మందం వల్లే ఒక డిగ్రీ అటూ ఇటూ అవుతుంది. పై లెక్కలో 5 డిగ్రీల ముక్కకు 100 లక్షలు వస్తే, అందులో 20 లక్షలు అనుమానమే. అలాంటివి '80 నుంచి 120 లక్షలు' అని రాసి పంపుతాను.