డ్రమ్ము చిక్కబడితే చాలా, ప్లేటు మీద లెక్క తేలాలా: ఏది మేలు?

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు వనామి రొయ్యల చెరువుల గట్ల మీద రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము లేని చోటు తక్కువ. అందులో నీళ్లు, బెల్లం, కొంచెం తవుడు వేసి, ప్యాకెట్‌లోని బాసిల్లస్ అనే మేలుచేసే బ్యాక్టీరియా పొడి కలిపి, గాలి గొట్టం పెట్టి వదిలేస్తారు. మర్నాడు అది చెరువులోకి వెళుతుంది. ఏ గంటకు పొయ్యాలన్నదే అసలు సమస్య. చాలామంది చిక్కదనం చూసి నిర్ణయిస్తారు. ల్యాబులో పనిచేసే నాలాంటివాళ్లు నమూనా తెచ్చి ప్లేటు వెయ్యమంటారు. ఈ రెండు పద్ధతులనూ ఆ డ్రమ్ము మీదే పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు డ్రమ్ములో ఏం జరుగుతుందో చూడాలి. ప్యాకెట్ పొడిలో ఉండేది ఎక్కువగా స్పోర్లు, అంటే గట్టి కవచంలో నిద్రపోతున్న బాసిల్లస్. నీళ్లలో పడగానే అవి విభజన మొదలుపెట్టవు. మేలుకోవాలి, బెల్లాన్ని జీర్ణం చేసుకునే ఎంజైములు తయారుచేసుకోవాలి. ఈ దశను ల్యాగ్ అంటారు. తర్వాత ఒకటి రెండు, రెండు నాలుగుగా పెరిగేది లాగ్ దశ. పంచదార తగ్గి, ఆమ్లాలు పేరుకుని, ఆక్సిజన్ చాలకపోయేసరికి పెరుగుదల ఆగుతుంది. అది స్టేషనరీ దశ. ఆపైన చావు దశ.

లెక్క అర్థం కావడానికి ఒక డ్రమ్మును ఊహించుకుందాం. మిల్లీలీటరుకు 10 లక్షల కణాలతో మొదలైంది. రెండు గంటలకూ అంతే ఉంది. నాలుగో గంటకు 20 లక్షలు, ఆరో గంటకు కోటీ 60 లక్షలు, ఎనిమిదో గంటకు సుమారు 13 కోట్లు. నాలుగు నుంచి ఆరుకు 8 రెట్లు పెరిగింది. 8 అంటే మూడుసార్లు రెట్టింపు. రెండు గంటల్లో మూడుసార్లంటే ఒక్కో రెట్టింపుకు 40 నిమిషాలు. పన్నెండో గంటకు 144 కోట్లు, ఇరవై నాలుగో గంటకూ దాదాపు అంతే. నలభై ఎనిమిదో గంటకు 30 కోట్లకు పడిపోయింది.

ఆరో గంట, పన్నెండో గంట మధ్య తేడా చెరువులో ఎంతవుతుంది? ఎకరం చెరువులో 1.2 మీటర్ల లోతు నీరుంటే సుమారు 48 లక్షల 60 వేల లీటర్లు. 200 లీటర్ల డ్రమ్మును పన్నెండో గంటకు పోస్తే చెరువు నీటిలో మిల్లీలీటరుకు 60 వేల దాకా కణాలు చేరతాయి. ఆరో గంటకే పోస్తే చేరేవి 650. ఖర్చూ, శ్రమా ఒకటే, ఫలితం మాత్రం 90 రెట్లు తక్కువ.

ఇప్పుడు చిక్కదనం సంగతి. మా దగ్గరకొచ్చే రైతుల్లో ఒకాయన ఫోన్ చేసి, "డ్రమ్ము బాగా చిక్కబడిందండీ, పోసెయ్యమంటారా?" అని అడిగారు. "చిక్కబడింది బాసిల్లస్సేనా అండీ?" అన్నాను. "అదెలా తెలుస్తుందండీ, కంటికి ఒకటేగా?" అన్నారు. ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. కంటికి అంతా ఒకటే. ల్యాబులో 600 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఓడీ కొలిచినా ఆ లోటు తీరదు. కాంతిని అడ్డుకునేది బతికిన కణమా, చచ్చిన కణమా, తవుడు రేణువా అన్నది యంత్రానికి తెలియదు. బెల్లం రంగు ఒకటి తోడవుతుంది. అందుకే బాసిల్లస్ కలపక ముందే అదే డ్రమ్ములోంచి కొంత ద్రావణం తీసి పోల్చి తీసెయ్యడానికి బ్లాంక్‌గా పెట్టుకోవాలి. తవుడు రేణువులు అడుగుకు దిగాక పైనున్న ద్రావణమే కొలవాలి. పైగా ఓడీ 0.4, 0.5 దాటాక అంకె కణాల సంఖ్యకు తగ్గట్టు పెరగదు. కాబట్టి నమూనాను పలచన చేసి చదివి, ఆ రెట్లతో గుణించుకోవాలి.

ఇంకో ఇబ్బంది ఉంది. నీరు కంటికి మసకగా కనబడాలంటేనే మిల్లీలీటరుకు కోటి కణాల దాకా ఉండాలి. మన ఉదాహరణలో మొదటి ఐదారు గంటలు కంటికి ఏమీ తెలియదు. ల్యాగ్ సాగుతోందో, ప్యాకెట్లో ప్రాణమే లేదో చెప్పలేం. చివర్లోనూ ఇంతే: నలభై ఎనిమిదో గంటకు బతికినవి ఐదో వంతుకు పడిపోయినా, చచ్చిన కణాలు నీళ్లలోనే ఉంటాయి కనుక చిక్కదనం పెద్దగా తగ్గదు. పెరుగుదల వక్రరేఖ మొదటి దశలోనూ చివరి దశలోనూ చిక్కదనం చేతులెత్తేస్తుంది. మధ్యలో, లాగ్ దశలో మాత్రం చక్కగా పనిచేస్తుంది. నిమిషంలో ఫలితం చేతికొస్తుంది, అది చిన్న మేలేమీ కాదు.

ప్లేటు పద్ధతి దీనికి పూర్తిగా వేరు. ఒక్కో టెస్ట్‌ట్యూబులో 9 మిల్లీలీటర్ల 0.85 శాతం ఉప్పునీరు, స్టెరిలైజ్ చేసింది, వరసగా పెట్టుకుంటాం. డ్రమ్ము నమూనా 1 మిల్లీలీటరు మొదటి ట్యూబులో వేసి బాగా కలుపుతాం. అది 10⁻¹. దాంట్లోంచి 1 మిల్లీలీటరు రెండోదానిలోకి, అలా 10⁻⁷ దాకా. చివరి మూడు పలచనల నుంచి 0.1 మిల్లీలీటరు చొప్పున న్యూట్రియెంట్ అగర్ ప్లేట్ల మీద వేసి గాజుకడ్డీతో పరుస్తాం. ఒక్కో పలచనకు మూడు ప్లేట్లు. 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఒక రోజు ఉంచితే బతికిన ప్రతి కణమూ, లేదా కలిసి అంటుకున్న కణాల గుంపూ, ఒక కాలనీ అవుతుంది.

మన డ్రమ్ములో పన్నెండో గంట నమూనా ఇలా వచ్చిందనుకుందాం. 10⁻⁵ ప్లేట్లలో కాలనీలు ఒకదానిమీదొకటి పడి లెక్కకు అందలేదు. 10⁻⁶ ప్లేట్లలో 142, 151, 139. 10⁻⁷ ప్లేట్లలో 13, 17, 12. లెక్కకు పనికొచ్చేవి 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లే. అంతకు మించితే కాలనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి తక్కువ చూపిస్తాయి. మరీ తక్కువైతే కేవలం అదృష్టవశాన వచ్చే తేడా పెద్దదవుతుంది: 144 కాలనీల్లో ఆ తేడా 12, అంటే 8 శాతం. 14 కాలనీల్లో దాదాపు 4, అంటే పాతిక శాతం పైమాటే. కాబట్టి 10⁻⁶ తీసుకుంటాం. సగటు 144.

```
144 ÷ (0.1 × 10⁻⁶) = 1.44 × 10⁹ సీఎఫ్‌యూ / మి.లీ.
```

ఇక్కడ 0.1ని మరిచిపోతే జవాబు పదో వంతుకు పడిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే.

చేతి పనిలో జరిగే తప్పు లెక్కలో జరిగే తప్పులా ఒక్క చూపులో దొరకదు. పిపెట్ ప్రతిసారీ 1కి బదులు 1.05 మిల్లీలీటర్లు తీస్తోందనుకోండి. ఒక మెట్టులో అది పట్టించుకోనంత చిన్నది, ఆరు మెట్లు దాటేసరికి ఫలితం 30 శాతం ఎక్కువవుతుంది. టిప్ మార్చకుండా అన్ని మెట్లకూ అదే వాడితే, దాని గోడలకు అంటుకున్న కణాలు పలచని ట్యూబుల్లోకి చేరిపోతాయి. కనిపెట్టే దారి ఒకటుంది: పక్కపక్క పలచనల కాలనీలు పదింటికి ఒకటి చొప్పున ఉండాలి. 144 పక్కన 14 సబబు. 144 పక్కన 60 వచ్చిందంటే టిప్ మార్చలేదు, లేదా ట్యూబు సరిగా కలపలేదు. ఆ నమూనాను మళ్లీ మొదటినుంచి వెయ్యాల్సిందే.

నేను ప్లేటు వైపు మొగ్గడానికి అసలు కారణం ఈ అంకె కూడా కాదు. కాలనీల రూపం. బాసిల్లస్ సబ్టిలిస్ కాలనీ తెల్లగా, పొడిగా, ముడతలు పడి, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఈస్ట్ కాలనీ గుండ్రంగా, నున్నగా, మీగడ రంగులో ఉంటుంది. బెల్లం డ్రమ్ముల్లో ఈస్ట్ ఎప్పుడు దూరుతుందో చెప్పలేం. దూరితే నీరు చిక్కబడుతుంది, ఓడీ పెరుగుతుంది, రైతు సంతోషిస్తాడు, చెరువులోకి వెళ్లేది మాత్రం ఈస్టే. చెరువు నీళ్లతోనే డ్రమ్ము నింపినవాళ్లు అదే నమూనాను టీసీబీఎస్ ప్లేటు మీద కూడా వేయించాలని నా గట్టి అభిప్రాయం. అక్కడ పచ్చవో, పసుపువో కాలనీలు లేస్తే రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాను మనమే పెంచి చెరువులో పోస్తున్నామేమోనని అనుమానించాలి. ఓడీ యంత్రం ఈ కబురు ఎప్పటికీ చెప్పదు.

ప్లేటుకూ హద్దులున్నాయి. బాసిల్లస్ పెరిగేటప్పుడు గొలుసుల్లా అంటుకుని ఉంటుంది. నాలుగు కణాల గొలుసు ఒక్క కాలనీయే ఇస్తుంది. అందుకే జవాబును కణాలు అనకుండా సీఎఫ్‌యూ, అంటే కాలనీ ఇచ్చే యూనిట్లు, అని రాస్తాం. స్టేషనరీ దశలో గొలుసులు విడిపోతే, ఒక్క విభజనా జరగకుండానే కౌంటు పెరిగినట్టు కనబడొచ్చు. అలాగే చురుగ్గా పెరిగే కణానికీ, నిద్రపోయే స్పోరుకూ ప్లేటు తేడా చూపదు. దానికి ఉపాయం ఉంది. నమూనాలో కొంత భాగాన్ని 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసి వేరే ప్లేట్లు వెయ్యాలి. మామూలు కణాలు చస్తాయి, స్పోర్లు మిగులుతాయి. నలభై ఎనిమిదో గంటన వచ్చిన 30 కోట్లలో వేడి చేశాక కూడా 25 కోట్లు మిగిలాయంటే, డ్రమ్ములో ఉన్నది దాదాపు అంతా స్పోర్లే. చెరువులో పడ్డాక వాటికి మళ్లీ ల్యాగ్ తప్పదు. దాచి వాడుకునే సరుకుకు స్పోర్లు మంచివి. వెంటనే చెరువులో పనిచెయ్యాలంటే మాత్రం లాగ్ దశ ముగిసే వేళ, ఈ ఉదాహరణలో పన్నెండో గంట ప్రాంతం, మేలు.

ప్లేట్లలో నమూనాను కరిగిన అగర్‌లో కలిపి పోసే పోర్ ప్లేటా, పైన చెప్పినట్టు అగర్ మీద పరిచే స్ప్రెడ్ ప్లేటా అని కూడా అడుగుతుంటారు. ఈ డ్రమ్ముకు స్ప్రెడ్ ప్లేటే మంచిది. పోర్ ప్లేటులో అగర్ లోపల ఇరుక్కున్న కాలనీలు చిన్నగా, కటకం ఆకారంలో పెరిగి గుర్తుపట్టడానికి వీలుండదు. కౌంటు బాగా తక్కువుండే నమూనాకు మాత్రం పోర్ ప్లేటు ఉపయోగం, ఒక మిల్లీలీటరు మొత్తం వెయ్యొచ్చు. స్ప్రెడ్ ప్లేట్లను ముందే ఆరబెట్టుకోవాలి. తడి ఉంటే బాసిల్లస్ ప్లేటంతా పాకి ఒకే పొరలా కనబడుతుంది.

ఇక మిగిలిన పెద్ద చిక్కు సమయం. ప్లేటు జవాబు ఒక రోజు ఆలస్యం. అది వచ్చేసరికి డ్రమ్ము స్టేషనరీలోకి వెళ్లిపోతుంది. అందుకని నేను చెప్పేది ఇది: ఒక వంటకానికి, అంటే అదే బెల్లం, అదే తవుడు, అదే ప్యాకెట్, అదే గాలికి, ఒకసారి మాత్రం రెండు గంటలకొకసారి నమూనా తీసి ఓడీ, ప్లేటు రెండూ చూసి వక్రరేఖ గీయించుకోండి. దాంతో ఏ గంటకు లాగ్ ముగుస్తుందో తెలుస్తుంది. తర్వాత ప్రతి డ్రమ్ముకూ ఓడీనో, గడియారమో చాలు. పోసే ముందు ఒక నమూనా ఐస్‌లో పెట్టి ల్యాబుకు పంపి, వచ్చిన ప్లేటును తర్వాతి డ్రమ్ముకు పాఠంగా వాడుకోవాలి. బెల్లం మారినా, ప్యాకెట్ కంపెనీ మారినా ఆ వక్రరేఖ చెల్లదు. వేసవిలో గీసిన గీత డిసెంబరు చలికి అస్సలు పనికిరాదు. నీరు చల్లబడితే ల్యాగ్ సాగుతుంది, రెట్టింపు సమయమూ పెరుగుతుంది, కాబట్టి చలికాలానికి వేరే వక్రరేఖ గీయించుకోవాలి.