ఏడేళ్ల పెట్రోల్ కారు, ఏడేళ్ల లోను: నాకు కిలోమీటరు ఎంత పడింది?

హైదరాబాద్‌లో 2018 చివర్లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నాది. ఇప్పటికి 67 వేల కిలోమీటర్లు తిరిగింది. బండి గురించి ఫిర్యాదేమీ లేదు. ఏసీ బాగుంది, సిటీలో లీటరుకు 16 ఇస్తోంది, దారిలో ఎక్కడా ఆగిపోలేదు. నేను చెప్పేది దాని ఖర్చు గురించే.

షోరూమ్ ధర 8 లక్షలు. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, ఇతరత్రా కలిపి ఇంకో లక్షన్నర. నా డౌన్ పేమెంట్ ఆ లక్షన్నరకే సరిపోయింది. బండి అమ్మినా తిరిగి రాని డబ్బది. అంటే కారు మొత్తం అప్పు మీదే వచ్చినట్టు. 9.5 శాతం వడ్డీ, 84 నెలలు, ఈఎంఐ 13,075. కట్టింది దాదాపు 10.98 లక్షలు, అందులో వడ్డీ 2.98 లక్షలు.

పెట్రోలుకు సుమారు 4 లక్షలు, ఇన్సూరెన్స్ రెన్యువల్స్‌కు లక్ష, సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీకి లక్షన్నర, పార్కింగ్, ఫాస్టాగ్, గీతలూ సొట్టలకు 70 వేలు అయ్యాయి. ఇప్పుడు అమ్మితే 3.25 లక్షలు ఇస్తామంటున్నారు. అది తీసేసినా నా జేబులోంచి పోయింది 16.4 లక్షలు. కిలోమీటరుకు దాదాపు 24 రూపాయల 50 పైసలు! క్యాబ్ ఛార్జీతో పోల్చేటప్పుడు మనం పెట్రోలు 6 రూపాయలే లెక్కేస్తాం.

అసలు టెన్షన్ మూడో ఏడు తెలిసింది. ఉద్యోగం మారుతూ అమ్ముదామని డీలర్‌ని అడిగితే 4.8 లక్షలన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో బాకీ 5.2 లక్షలు. బండి ఇచ్చేసి పైన 40 వేలు నేనే కట్టాలి, లోను ముందే తీర్చేస్తే పడే ఫోర్‌క్లోజర్ ఛార్జీలు వేరే. అదే అప్పు ఐదేళ్లకైతే ఈఎంఐ 16,800, కానీ అప్పటికి బాకీ 3.66 లక్షలే ఉండేది. మొత్తం వడ్డీలో 90 వేలు మిగిలేవి కూడా. ఈఎంఐ తక్కువని ఏడేళ్లకు సాగదీస్తే, బండి ధర పడిపోయినంత వేగంగా బాకీ తగ్గదు.

ఆ 13,075 నెలనెలా 7 శాతం రికరింగ్ డిపాజిట్‌లో వేసి ఉంటే, పన్ను పక్కన పెడితే, ఏడేళ్లకు 14 లక్షలు. అన్నాళ్లూ ఎలా తిరిగేవాడివని మా బావ అడిగాడు. పెట్రోలు, సర్వీసింగ్ వగైరాకు నెలకు 8,500 పైనే పెట్టాను కదా, అది క్యాబులకూ మెట్రోకూ చాలావరకు సరిపోయేది. అర్ధరాత్రి ఆసుపత్రికి, వానలో పిల్లలతో ఊరికి వెళ్లడానికి మాత్రం సొంత బండే నయం, అది ఒప్పుకోవాలి.

లోను తీరాక ఇంకో పని ఉంది. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 ఆర్టీవో ఆఫీసుకు పట్టుకెళ్లి, బండి బ్యాంకు తాకట్టులో ఉందని ఆర్సీలో ఉండే హైపోథికేషన్ తీయించుకోండి, ఇన్సూరెన్స్ పాలసీలోనూ మార్పించండి. అది చేయకపోతే అమ్మేటప్పుడు బేరం అక్కడే ఆగుతుంది.