కారు పాలసీలో నో క్లెయిమ్ బోనస్: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

సొంత కారుకు ఏటా పాలసీ రెన్యూవల్ చేస్తూ, మధ్యలో ఇన్సూరెన్స్ కంపెనీనీ, ఆ తర్వాత కారునూ మార్చిన వాడకం మీద రాస్తున్న మాటలివి. క్లెయిమ్ చేయని ఏళ్లకు రెన్యూవల్ ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్‌కు ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. ఒక మార్కు కోసింది దేనికంటే, మనం అడిగితే తప్ప ఎవరూ ఏదీ చెప్పరు. సగం మంది బోనస్ పోగొట్టుకునేది క్లెయిమ్ వల్ల కాదు, తేదీ దాటిపోవడం వల్లో కాగితం తీసుకోకపోవడం వల్లో అని నా అభిప్రాయం.

ముందుగా, ఇది దేని మీద వస్తుందో చూసుకోవాలి. పాలసీ ప్రీమియంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి మన బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్, రెండోది ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ. బోనస్ వచ్చేది మొదటి ముక్క మీదే. అందుకే ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ ఎన్నేళ్లు కట్టినా బోనస్ రూపాయి కూడా పోగవదు. మొత్తం ప్రీమియం ఇరవై వేలు, బోనస్ 50 శాతం కాబట్టి పది వేలు తగ్గుతుందని లెక్క వేసుకుంటే బిల్లు చూశాక నిరాశే.

పెరిగే వరస మాత్రం సూటిగానే ఉంటుంది. ఒక పూర్తి ఏడాది క్లెయిమ్ లేకపోతే తర్వాతి రెన్యూవల్‌లో 20 శాతం. వరసగా రెండేళ్లయితే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. అక్కడితో ఆగిపోతుంది. 'పూర్తి ఏడాది' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఎనిమిది నెలలకే పాలసీ రద్దు చేసుకుంటే ఆ ఏడాది లెక్కలోకి రాదు.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. చేతిలో ఉన్న పాలసీ మీద 35 శాతం అని అచ్చయి ఉంటే, అది ఈ ఏడాది ప్రీమియంలో ఇప్పటికే తగ్గించిన మొత్తం. ఈ ఏడాది కూడా క్లెయిమ్ లేకుండా గడిస్తే వచ్చేది 45. ఆన్‌లైన్‌లో కొత్త కంపెనీ దగ్గర కొనేటప్పుడు చాలాచోట్ల ఫారం 'గత పాలసీలో ఉన్న బోనస్ ఎంత' అని అడుగుతుంది. అక్కడ అచ్చయి ఉన్న 35 నే వేయాలి, పైమెట్టును సైటే లెక్కకడుతుంది. మనమే తెలివిగా 45 అని వేస్తే అది 50 చేసి చూపిస్తుంది. అంటే తెలియకుండానే మనం తప్పుడు డిక్లరేషన్ ఇచ్చినట్టు.

ఆ డిక్లరేషన్ తేలిక వ్యవహారం కాదు. అందులో ఉండే మాటల సారాంశం ఇది: నేను చెప్పిన బోనస్ సరైనది, గడిచిన పాలసీలో క్లెయిమ్ లేదు, ఇది తప్పని తేలితే ఓన్ డ్యామేజ్ కింద వచ్చే ప్రయోజనాలన్నీ వదులుకుంటాను. కంపెనీ మారినప్పుడు కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి నిర్ధారించుకోవాలని నియమం ఉంది. అయినా బోనస్ తప్పుగా చెప్పిన సంగతి చాలాసార్లు బయటపడేది మనం పెద్ద క్లెయిమ్‌కు వెళ్లినప్పుడే. రేటు తక్కువ చూపించడానికి కొందరు ఏజెంట్లు 'క్లెయిమ్ లేదు' అని వాళ్లే టిక్ పెట్టేస్తారు. పాలసీ చేతికి రాగానే బోనస్ శాతం ఉన్న గడి చూడండి. తప్పుంటే వెంటనే కంపెనీకి మెయిల్ పెట్టి, తేడా కట్టి, సరిచేసిన ఎండార్స్‌మెంట్ తీసుకోండి. కొన్ని వేలతో పోతుంది. లేకపోతే గుద్దుకున్న రోజు లక్షల్లో పోవచ్చు.

ఇక సున్నాకు పడేది ఎప్పుడు? ఓన్ డ్యామేజ్ కింద ఒక్క క్లెయిమ్ చేసినా చాలు, తర్వాతి రెన్యూవల్‌లో మొత్తం పోతుంది. 50 నుంచి 45 కు దిగడం లాంటి దయ ఏమీ లేదు. చిన్న క్లెయిమ్‌కూ పెద్ద క్లెయిమ్‌కూ తేడా చూడరు. అందుకే బంపర్ గీతకు క్లెయిమ్ చేయాలా వద్దా అన్న ప్రశ్నకు లెక్క కట్టే జవాబు వెతకాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బోనస్ తీయకముందు వచ్చే ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుందాం. బండి విలువతో పాటు అది ఏటా పది శాతం తగ్గుతుందనుకుందాం. పాలసీ మీద ఇప్పుడు 35 శాతం ఉంది. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఐదు రెన్యూవల్స్‌లో 45, 50, 50, 50, 50 వస్తాయి. చేస్తే 0, 20, 25, 35, 45. తేడాలు వరసగా 45, 30, 25, 15, 5 శాతం. రూపాయల్లో 4,500, 2,700, 2,025, సుమారు 1,094, 328. మొత్తం దాదాపు 10,650. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 12,500 దాటుతుంది. ఇదీ ఆ ఒక్క క్లెయిమ్ అసలు ధర.

ఇప్పుడు అవతలి వైపు. బంపర్ మార్చడానికి 6,000, పెయింటింగ్‌కు 5,000, లేబర్ 1,500, మొత్తం బిల్లు 12,500 అనుకుందాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు కాబట్టి బంపర్‌కు 3,000. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును పెయింట్ ఖరీదుగా తీసుకుని దాంట్లో సగం కోస్తారు, అంటే 625 పోయి 4,375. లేబర్ పూర్తిగా వస్తుంది. ఇందులోంచి 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మనం భరించాల్సిన 1,000 తీసేస్తే చేతికొచ్చేది 7,875. అది తీసుకోవడానికి వదులుకునేది పన్నెండు వేల పైన. భాగాల మీద ఈ కోతలు లేని జీరో డిప్రిసియేషన్ కవర్ ఉండి 11,500 వచ్చినా నష్టమే, కాకపోతే కాస్త తక్కువ.

అదే లెక్క మొదటి ఏడాదిలో ఉన్న కారుకు వేస్తే వేరేలా వస్తుంది. అక్కడ పోయేది ఐదేళ్లకు కలిపి ఒక ఏడాది ప్రీమియంలో సగం లోపే. అందుకని కొత్త కారుకు చిన్న క్లెయిమ్ కూడా గిట్టుబాటు కావచ్చు. 35 శాతం మెట్టు ఎక్కాక మాత్రం ఆచితూచి అడుగేయాలి. ఇంకో సంగతి, ఒకే పాలసీ ఏడాదిలో ఇప్పటికే ఒక క్లెయిమ్ అయిపోయి ఉంటే బోనస్ ఎలాగూ పోయింది. ఆ ఏడాది రెండో ప్రమాదానికి బోనస్ గురించి ఆలోచించి వెనకాడటం అనవసరం.

క్లెయిమ్ నమోదు చేసి, సర్వేయర్ వచ్చాక మనసు మార్చుకుని వెనక్కి తీసుకుంటే? డబ్బు తీసుకోలేదు కాబట్టి బోనస్ ఉండాలి, సాధారణంగా ఉంటుంది కూడా. కానీ ఆ ఫైలు రికార్డులో పెండింగ్‌గా మిగిలిపోతే రెన్యూవల్ నాటికి సున్నా చూపిస్తుంది. చెల్లింపు లేకుండా మూసేశామని కంపెనీ నుంచి మెయిల్ తెప్పించుకుని దాచుకోండి.

క్లెయిమ్ లేకుండానే బోనస్ పోయే దారి ఇంకొకటుంది. గడువు ముగిసిన 90 రోజుల్లోగా రెన్యూవల్ చేయకపోతే అంతా పోతుంది. మార్చి 31 తో ముగిసిన పాలసీకి జూన్ 29 దాకానే సమయం. ఆ మధ్య రోజుల్లో బండికి కవరేజీ లేదన్నది అలా ఉంచండి, మళ్లీ ఇన్‌స్పెక్షన్ కూడా చేయించుకోవాలి. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కార్ల దగ్గర ఈ ముప్పు ఎక్కువైంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి చేశారు, ఓన్ డ్యామేజ్ మాత్రం సాధారణంగా ఏడాదికే ఉంటుంది. ఇన్సూరెన్స్ మూడేళ్లుంది కదా అని కూర్చుంటే, ఓన్ డ్యామేజ్ ముగిసి, 90 రోజులూ దాటి, బోనస్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పాలసీలో రెండు ముగింపు తేదీలుంటాయి, ముందొచ్చేదాన్ని రాసిపెట్టుకోండి.

నాకు బాగా నచ్చిన అంశం బదిలీ. బోనస్ బండిది కాదు, కంపెనీది కూడా కాదు, పాలసీ ఎవరి పేరున ఉందో ఆ మనిషిది. కంపెనీ మార్చినా వెంట వస్తుంది, పాత పాలసీ కాపీ లేదా రెన్యూవల్ నోటీసు చూపితే సరి. కారు అమ్మి కొత్తది కొంటే ఆ కొత్త కారుకూ వస్తుంది. అసలు లాభం అక్కడే. కొత్త కారు ఓన్ డ్యామేజ్ 30,000 ఉంటే, 50 శాతం బోనస్‌తో మొదటి ఏడాదే 15,000 తగ్గుతుంది.

దానికి చేయాల్సిన పని, కారు అమ్మగానే కంపెనీకి ఉత్తరం రాసి, అమ్మకం రుజువులు అంటే యాజమాన్యం మార్పుకు ఇచ్చే 29, 30 ఫారాల కాపీలు, పేరు మారిన ఆర్సీ లేదా డెలివరీ రసీదు, పాలసీ కాపీ జతచేసి, మనకున్న నో క్లెయిమ్ బోనస్‌ను ధ్రువీకరించే ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ అడగడం. అది మూడేళ్ల వరకు పనిచేస్తుంది. సొంతంగా ఉంచుకున్న బండికి 90 రోజులు, అమ్మేసిన బండికి మూడేళ్లు, ఈ రెంటినీ కలిపేసుకోవద్దు. షోరూమ్ వాళ్లు ఇచ్చే కొటేషన్‌లో బోనస్ సాధారణంగా సున్నా ఉంటుంది. పాలసీ తయారు కాకముందే లెటర్ వాళ్ల చేతిలో పెట్టాలి.

మన ఇళ్లలో చిక్కొచ్చేది పేరు దగ్గరే. నాన్న పేరున్న కారు అమ్మి, లోన్ కోసం కొడుకు పేరున కొత్తది తీసుకుంటే బోనస్ రాదు. భర్తది భార్యకూ రాదు. యజమాని చనిపోయినప్పుడు, అదే బండిని వాడుకునే భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులకు మాత్రం వస్తుంది. కారు బోనస్ బైకుకు పనికిరాదు, ఒక లెటర్ రెండు కార్లకు చెల్లదు.

పాత కారు కొనేవాళ్లకు అమ్మినవాళ్ల బోనస్ చేరదు. పాలసీ పేరు మార్పించుకునేటప్పుడు మిగిలిన నెలల బోనస్‌ను కంపెనీ వసూలు చేస్తుంది. ఏడాదికి 5,000 తగ్గించి ఉండి, ఆరు నెలలు మిగిలితే 2,500, పైన జీఎస్టీ. బేరంలో ముందే తేల్చుకోండి. పేరు మార్పుకు దరఖాస్తు 14 రోజుల్లో పెట్టాలి. థర్డ్ పార్టీ కవరేజీ బండితోనే వస్తుంది గానీ, ఓన్ డ్యామేజ్ అలా రాదు.

క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా అదనంగా కొనే బోనస్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ గురించి నా మాట: 35 శాతం దాటాక, రోజూ సిటీ ట్రాఫిక్‌లో నడిపేవాళ్లకైతే సరే. అంతకుముందు కొనడం దండగ. కొనే ముందు ఏడాదికి ఎన్ని క్లెయిములు దాకా కాపాడుతుందో, వేరే కంపెనీకి మారితే చెల్లుతుందో లేదో పాలసీ షరతుల్లో చదవండి. చాలావాటిలో అదే కంపెనీలో రెన్యూవల్ చేస్తేనే ఆ రక్షణ.

అమెరికా, గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవాళ్లకు ఒక వెసులుబాటుంది, అడిగేవాళ్లే తక్కువ. అక్కడ క్లెయిమ్ లేకుండా నడిపిన చరిత్రను ఇక్కడా గుర్తిస్తారు. అక్కడి పాలసీ ముగిసిన మూడేళ్లలోపు ఇక్కడ పాలసీ తీసుకోవాలి, అక్కడి కంపెనీ రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. కాబట్టి బయల్దేరే ముందే ఆ లెటర్ తీసుకుని సామానుతో పాటు తెచ్చుకోండి. ఇక్కడికొచ్చాక మెయిళ్లలో తెప్పించుకోవడం ఆలస్యం, తలనొప్పి.