బేరంలో మన అవసరం చెప్పడం మేలా, దాచడం మేలా? రెండు ఫ్లాట్ల లెక్క

మా నాన్నని అడిగితే బేరంలో "నోరు విప్పావో మునిగావు" అంటాడు. మా బావేమో "దాపరికం దేనికి, సూటిగా చెప్పేస్తే పని తొందరగా అవుతుంది" అంటాడు. ఒకే ఏడాదిలో హైదరాబాద్‌లో రెండు రీసేల్ ఫ్లాట్లకి బేరమాడాను. మొదటిదాంట్లో మా నాన్న మాట నిజమైంది, రెండోదాంట్లో మా బావది.

మొదటిది ఏప్రిల్‌లో. ఓనర్ విదేశంలో ఉంటాడు, ఫ్లాట్ ఖాళీ, తాళాలు బ్రోకర్ దగ్గర. చెప్పిన ధర 74 లక్షలు. అదే బిల్డింగ్‌లో అంతకుముందు అమ్ముడైన అలాంటి ఫ్లాట్‌ని బట్టి 71 దాకా వెళ్లచ్చనుకున్నాం. చూడ్డానికి వెళ్లిన రోజే నేను బ్రోకర్‌తో "జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు, ఈలోపు దిగిపోవాలి సార్, పాపకి ఇక్కడే సీటు తీసుకున్నాం" అనేశాను. అందులో దాచాల్సింది ఏముందనిపించింది. అయితే బ్రోకర్ కమీషన్ తీసుకునేది ఇద్దరి దగ్గరా. అతనికి కావాల్సింది బేరం కుదరడం, ఎవరు ఎక్కువ దిగితే బేరం కుదురుతుందో అటే ఒత్తిడి పెడతాడు. సాయంత్రానికల్లా మా జూన్ 12 ఓనర్‌కి చేరిపోయింది. ఆయన 73.5కి వచ్చి ఆగాడు. మూడు వారాలు ఫోన్ల మీద ఫోన్లు, ఒక్క రూపాయి కదల్లేదు. కదలాల్సిన అవసరం ఆయనకేముంది, రోజులు గడిచేకొద్దీ టెన్షన్ నాకు పెరుగుతోంది కానీ ఆయనకి కాదు కదా.

చివరికి వదిలేశాం. అద్దె ఇల్లు ఇంకో ఏడాదికి రాయించుకుని, పాపని బస్సులో పంపిస్తూ, సెప్టెంబర్‌లో మళ్లీ వెతకడం మొదలుపెట్టాం.

రెండో ఫ్లాట్ ఒక రిటైర్డ్ మాస్టారుది. చెప్పిన ధర 73 లక్షలు. ఈసారి నాన్న సూత్రం పట్టుకుని నేనేం కోరుకుంటున్నానో అసలు చెప్పలేదు. పైగా తెలివితేటలు చూపిద్దామని, మాడ్యులర్ కిచెన్ నాకు పెద్ద విషయమైనట్టు నటించాను, దాన్ని చివర్లో "సరే పోనివ్వండి" అని వదిలేసి ధరలో తగ్గింపు అడగచ్చని. మాస్టారు "కిచెన్, బెడ్‌రూమ్ కప్‌బోర్డులు అన్నీ వదిలేసి వెళ్తాను బాబూ, ధర గురించి మాత్రం అడగద్దు" అన్నారు. మా ఆవిడకి ఆ కిచెన్ రంగు చూస్తేనే పడదు. లేని ఇష్టం చూపిస్తే ఇలాగే ఉంటుంది, అవతలివాళ్లు నమ్మి అదే చేతిలో పెట్టి మన నోరు కట్టేస్తారు.

అలా లాగి లాగి 71 దగ్గరికి వచ్చాం. నలభై అయిదు రోజుల్లో రిజిస్ట్రేషన్, అదే రోజు తాళాలు. అక్కడితో ముగిసిపోయేదే. కానీ మాస్టారు మాటల్లో ఎన్నిసార్లు "షిఫ్టింగ్" అన్న మాట వస్తోందో మా ఆవిడ గమనించింది. అడిగితే సంగతి బయటపడింది. వాళ్లు కొనుక్కున్న కొత్త ఇంటికి చివరి విడత కట్టడానికి డబ్బు ఇప్పుడే కావాలి, ఆ ఇల్లు చేతికొచ్చేది మాత్రం మా రిజిస్ట్రేషన్ అయిన మూడు నెలలకి. ఈ మధ్యలో ఎక్కడుండాలనేదే ఆయన దిగులు. అప్పుడు నేనూ చెప్పాను, నాకు తొందర లేదు, నాకు ముఖ్యం ధరే అని. ఎంత దాకా రాగలనో మాత్రం చెప్పలేదు.

తర్వాత ఆయన ముందు రెండు దారులు పెట్టాను. ఒకటి, 71 లక్షలు, రిజిస్ట్రేషన్ రోజే ఖాళీ చేయాలి. రెండోది, 70 లక్షలు, రిజిస్ట్రేషన్ అదే రోజు, డబ్బు మొత్తం అప్పుడే, కానీ మూడు నెలలు అద్దె లేకుండా అక్కడే ఉండచ్చు. ఆయన రెండోదే అన్నారు, పెద్దగా ఆలోచించకుండానే.

లెక్క చూడండి. మూడు నెలలు ఆగితే నేను కట్టే అద్దె నెలకి 22 వేల చొప్పున 66 వేలు. ధరలో తగ్గింది లక్ష. నాకు మిగిలింది 34 వేలు. ఆయన బయట ఉండాలంటే అద్దె నెలకి 25 వేల చొప్పున 75 వేలు, ఒక నెల అద్దె బ్రోకర్‌కి, ఇంకోసారి సామాను మార్చడానికి 35 వేలు, మొత్తం 1.35 లక్షలు. లక్ష వదులుకున్నా ఆయనకి 35 వేలు మిగిలాయి. ఇద్దరం నోరు విప్పకుండా 71 దగ్గర సంతకాలు పెట్టేసి ఉంటే ఈ 69 వేలు ఎవరో ఇంటి ఓనర్‌కీ, ప్యాకర్స్ వాళ్లకీ, బ్రోకర్‌కీ పోయేవి. మేమిద్దరం మాత్రం బేరం బాగా కుదిరిందనే అనుకునేవాళ్లం!

మరి ఏప్రిల్‌లో ఎందుకు దెబ్బతిన్నాను? ఖాళీ ఫ్లాట్ ఓనర్‌కి ధర తప్ప ఇంకో విషయమే లేదు. నాకు త్వరగా తాళాలు కావాలంటే ఆయనకి పైసా ఖర్చు లేదు, కాబట్టి దానికి బదులుగా నేను ఇవ్వగలిగిందీ, ఆయన అడగాల్సిందీ ఏమీ లేదు. ఉన్నది ఒక్క ధరే అయినప్పుడు ఒకరికి పెరిగిందంటే ఇంకొకరికి తగ్గాల్సిందే. నేను నా ప్రాధాన్యం చెబుతున్నాననుకున్నాను, నిజానికి బేరం చెడితే నేనెంత ఇబ్బంది పడతానో చెప్పాను. ఈ రెండూ వేరు. ధర ఒక్కటే ఉన్న చోట దాచడం వల్ల కుదరాల్సిన బేరాలు కూడా కొన్ని చెడిపోతాయి. కొనేవాడు 71 ఇవ్వగలిగీ, అమ్మేవాడు 70కి ఇవ్వగలిగీ ఇద్దరూ బిగదీసుకుని విడిపోవచ్చు. 1983లో మయర్సన్, సాటర్త్‌వైట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని గణితంగా నిరూపించారు: ఎవరి అసలు విలువ వాళ్లకే తెలిసి, అమ్మేవాడి విలువే ఎక్కువ కావచ్చు, కొనేవాడిదే ఎక్కువ కావచ్చు అన్న పరిస్థితిలో, ఎవరినీ బలవంతపెట్టకుండా, బయటి నుంచి డబ్బు పెట్టకుండా, లాభసాటి బేరాలన్నీ తప్పకుండా కుదిరేలా చేసే పద్ధతి ఏదీ లేదు. కాబట్టి అక్కడ కొంత నష్టం ఆటలో భాగమే, నిజాయితీగా మీరొక్కరే బయటపడితే ఆ నష్టం పోదు, మీ వాటా మాత్రం పోతుంది.

ఇంకో సంగతి దాటేయకూడదు. సెప్టెంబర్‌లో "తొందర లేదు" అని చెప్పగలిగానంటే చేతిలో ఏడాది అద్దె కాగితం ఉంది కాబట్టి. అదే మాట ఏప్రిల్‌లో చెబితే అబద్ధం. అంటే మొదటిసారి నోరు కంటే ముందు పరిస్థితే బలహీనం. అయినా నోరు మూసుకుని ఉంటే 72.5కైనా వచ్చేవాడేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని నా ఓటు ఇలా. అవతలివాళ్లకి ధర కాక ఇంకేదైనా బరువుందా అని ముందు అడగాలి, వినాలి. ఏమీ లేకపోతే నాన్న మాటే మేలు. ఏదైనా ఉంటే నాకు ఏది ముఖ్యం, ఏది తర్వాత అన్న వరుస చెప్పేయడమే మేలు, అదీ వాళ్లొకటి చెప్పాక మనమొకటి అన్నట్టు. మనం రెండు చెప్పినా అటునుంచి ఒక్కటీ రాకపోతే అక్కడే ఆపాలి. నా ఆఖరి ధర, బ్యాంకు ఎంత శాంక్షన్ చేసింది, నా గడువు, ఈ మూడూ ఎంత మంచివాళ్లకైనా చెప్పను. బ్రోకర్‌కి అసలే చెప్పను.

ఖాళీ చేసే తేదీని మాత్రం కాగితం మీద పెట్టించాను, ఆలస్యమైతే రోజుకి వెయ్యి రూపాయలని, రెండు లక్షలకి మాస్టారి చెక్కు నా దగ్గర ఉంచుకుంటానని. ఆయన పదకొండు రోజులు ఆలస్యం చేశారు. పదకొండు వేలు తీసుకోలేదు, ఆ కిచెన్ మాత్రం ఊడదీయించుకుని వెళ్లమన్నాను.